గీతలు నిండుగానే ఉన్నాయి

ఆసుపత్రిలో ఆమెను అందరూ నెట్‌వర్క్ మేడమ్ అంటారు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో కేబుల్ టెస్టరు, ముక్కు మీద కోపం. ఈ మూడూ లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ ఆసుపత్రిలో తక్కువ. ఏ వార్డులో వైఫై నత్తనడక నడిచినా ముందు ఆమెకే ఫోను వెళ్తుంది. ఆమె వచ్చి యంత్రాల కంటే ముందు మనుషుల్ని బాగుచేసి పోతుంది.

ఆ వారం పై అంతస్తు వార్డులో రోగుల రిపోర్టులు తెరుచుకోవడం లేదని గోల. వెళ్ళి చూస్తే, వరండా మధ్యలో తను స్వయంగా గోడకి బిగించిన, రూటరు వైఫైని ముందుకు అందించే మెష్ డబ్బా అక్కడ లేదు. వరండా చివర గదిలో, హెడ్ నర్సు బల్ల మీద పూలకుండీ పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది.

"దగ్గరుంటే బాగా వస్తుందని తెచ్చుకున్నా మేడమ్. చూడండి, గీతలన్నీ నిండుగా ఉన్నాయి" అని హెడ్ నర్సు తన ఫోను చూపించింది.

"నిండుగానే ఉంటాయి తల్లీ, ఎందుకుండవు? ఆ గీతలు మీ ఫోనుకీ ఈ డబ్బాకీ ఎంత దోస్తీ ఉందో చెప్తాయి, అంతే. ఈ డబ్బాకీ అసలు రూటరుకీ మధ్య మాటలున్నాయో లేవో చెప్పవు. ఇది అక్కడ విని మీకు చెప్పాలి. ఇక్కడ మూల కూర్చుంటే దానికే సగం వినపడుతుంది. ఇక మీకేం చెప్తుంది?"

"మరెక్కడ పెట్టాలంటారు?"

"మధ్యలో. దానికి రూటరు మాట గట్టిగా వినపడాలి, దాని మాట మీదాకా రావాలి. మళ్ళీ కదిపారంటే మాత్రం ఊరుకోను."

హెడ్ నర్సు తలూపింది. నెట్‌వర్క్ మేడమ్ డబ్బాని వరండాలోకి తెచ్చి మళ్ళీ బిగించి, దాని దీపం పసుపు నుంచి నీలానికి తిరిగేదాకా నిలబడి చూసి మరీ వెళ్ళింది. నీలమంటే రూటరుతో సంబంధం బాగున్నట్టు, పసుపంటే అంతంతమాత్రమని. ఇంత తెలిసిన మనిషి ఆ వారంలోనే తన ఇంట్లో అచ్చం ఆ హెడ్ నర్సు చేసిన పనే చేసింది. ఆ నర్సు తెలియక చేసింది, ఈవిడ తెలిసి చేసింది. తేడా అల్లా అదే.

ఇంట్లో మాత్రం ఆమె ఒక పిల్లకి మేనత్త. అన్నయ్య కూతురు కాలేజీ చదువుకని వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు అత్త ఒక్కతే ఉంది. పెళ్ళి వద్దనుకుంది, ఆ విషయం ఎవరినీ సలహా అడగలేదు. ఇల్లు తనే చూసుకుంది, జ్వరమొస్తే తనే మాత్ర వేసుకుంది. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ఆ వస్తువే అక్కర్లేదనుకునే రకం. ఒంటరిదాన్నని ఎప్పుడూ అనుకోలేదు, నిజంగానే అనిపించలేదు కూడా. ఈ మేనకోడలు వచ్చి ఇల్లంతా చెప్పులూ పుస్తకాలూ ఛార్జర్లూ చిందరవందర చేశాకే అసలు చిక్కు మొదలైంది. అలవాటైపోయింది. ఇప్పుడు ఆ పిల్ల రావడం కాస్త ఆలస్యమైతే హాలు బోసిగా కనిపిస్తోంది, వండింది నోటికి ఎక్కడం లేదు.

ఆ పిల్ల తనతో పాటు ఒక గేమింగ్ కన్సోల్ తెచ్చుకుంది. హాల్లో టీవీకి తగిలించి సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడేది. అది ఒక్కరు ఆడే ఆట కాదు. జట్టులో ఒక్కో ఆటగాణ్ణి ఒక్కో మనిషి, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, నడిపిస్తారు. కోడలు గోల్‌కీపరు. కాలేజీ జట్టులో గోల్ ముందు నిలబడాలంటే అంత తేలిక కాదు, ఆ చోటు కోసం చాలామంది కాచుక్కూర్చున్నారు. బంతి కాలి నుంచి వదిలిందో లేదో ఈ పిల్ల బొటనవేలు కదిలేది, తెర మీద ఆ బొమ్మ మనిషి గాల్లోకి ఎగిరి బంతిని వాటేసుకునేవాడు.

అత్తకి ఫుట్‌బాల్ ఓనమాలు తెలియవు. అయినా పళ్ళు కోసిన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చునేది. తన సీరియళ్ళు ఎప్పుడో వదిలేసింది. "అటు కాదే, ఇటు, ఇటు. ఆ పొడుగు జుట్టువాడు ఏం చేస్తున్నాడక్కడ, గడ్డి పీకుతున్నాడా?" అని ఆమె వేసే కేకలు మైకులోంచి జట్టంతా వినేది. ఆ పొడుగు జుట్టు ఆటగాడు వాళ్ళ కెప్టెన్. అంటే ఆ బొమ్మని నడిపించేది కెప్టెన్, కోడలి కంటే పెద్ద క్లాసు అమ్మాయి. "మీ ఇంట్లో కామెంటరీ ఎవరే బాబూ" అని ఆ అమ్మాయి నవ్వేది. కోడలూ నవ్వేది. మొదట్లో.

తరవాత పోటీలు దగ్గరపడ్డాయి. ఒకరోజు కోడలు కెప్టెన్ దగ్గర ఎరువు తెచ్చిన మానిటరు చంకన పెట్టుకుని వచ్చింది.

"అత్తా, నేను కన్సోల్ వెనక గదిలోకి మార్చేసుకుంటా. టీవీ మొత్తం నీకే. పాపం ఎన్నాళ్ళని త్యాగం చేస్తావు, నీ సీరియల్ నువ్వు చూసుకో."

"ఆ సీరియల్లో ఇప్పుడు ఎవరు బతికున్నారో ఎవరు పోయారో కూడా నాకు తెలీదు."

"ఇప్పుడు తెలుసుకో మరి."

ఉండవే, ఇక్కడే ఆడుకో, నాకు నువ్వు పక్కనుంటే బాగుంటుంది అని ఆ క్షణాన అనాలి. నోటిదాకా వచ్చింది. అనలేదు. "నీ ఇష్టం" అంది అత్త, ఆ రెండు మాటల్నీ పుల్ల విరిచినట్టు అంది. పిల్ల పట్టించుకోలేదు, వైర్లు విప్పుకునే హడావిడిలో ఉంది.

ఆ అద్దె ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు హాలు, తరవాత భోజనాల గది, వంటిల్లు, అంట్లు తోముకునే చోటు, అన్నిటికీ చివర ఎప్పుడో తరవాత కట్టించిన గది. ఇంటర్నెట్ తీగ వీధి వైపు నుంచి హాల్లోకి వస్తుంది కాబట్టి రూటరు హాల్లోనే ఉంది. పాతకాలపు మందపాటి గోడలు, మధ్యలో పలకలు పరిచిన వంటింటి గోడ, దానికానుకుని ఇంతెత్తు ఫ్రిజ్జు. రూటరు మాట వెనక గదికి చేరేసరికి గొణుగుడు మాత్రమే మిగులుతుంది. కేబుల్ లాగుదామంటే గోడకి మేకు కొట్టినా కింద వాటాలో ఉండే ఇంటి యజమాని చెవులు నిక్కబొడుస్తాడు.

"మెష్ డబ్బాలు తెస్తాలే" అంది అత్త. తెచ్చింది కూడా. ఒకటి హాల్లో రూటరుకి తగిలించింది. రెండోది చేత్తో పట్టుకుని ఇల్లంతా నడిచింది. భోజనాల గదిలో అలమార ముందు ఆగింది. పెట్టాల్సిన చోటు అదే. అక్కడ పెడితే ఎంత వస్తుందో కొలిచి చూడకుండానే చెప్పగలదు. ఆమె చెయ్యి అలమార మీదికి వెళ్ళింది కూడా.

"ఎక్కడ పెట్టాలత్తా?" అని వెనక గదిలోంచి కోడలు అడిగింది.

"నీ పక్కనే పెడతానే. ఫుల్ సిగ్నల్ వస్తుంది" అంది అత్త.

డబ్బా వెళ్ళి మానిటరు పక్కన కూర్చుంది. కన్సోల్లో గీతలన్నీ నిండాయి. డబ్బా ముందున్న చిన్న దీపం మాత్రం పసుపు పచ్చగా వెలిగింది. అత్త తన ఫోనులో యాప్ తెరిచి ఆ దీపాన్ని ఆర్పేసింది. "పడుకున్నప్పుడు కళ్ళల్లో పడుతుంది" అంది, ఎవరూ అడగకపోయినా. ఆ మాట అంటున్నప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె వాలకం. కానీ అటు చూసే తీరిక ఎవరికుంది, కోడలు అప్పటికే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

అత్త మనసులో వేసుకున్న లెక్క ఒకటే. అక్కడ ఆట సాగదు, విసుగు పుడుతుంది, కన్సోల్ చంకనేసుకుని పిల్ల మళ్ళీ హాల్లోకి వచ్చేస్తుంది. ఎవరికీ నష్టం లేదు. అడగక్కర్లేకుండా పని జరిగిపోతుంది.

సగం అనుకున్నట్టే అయింది. ఆట సాగలేదు. కాసేపు నున్నగా నడిచేది, ఇంతలో బంతి ఉన్నచోట ఉన్నట్టే నిలబడి, మరుక్షణం వలలో తేలేది. బంతి లోపల పడి అవతలి జట్టు గంతులేస్తుంటే అప్పుడు ఎగిరేవాడు గోల్‌కీపరు. ఖాళీ గాల్లోకి, ఎంతో అందంగా.

"అత్తా, నెట్‌లో ఏమైనా తేడా ఉందా?" అని కోడలు ఒకసారి వంటింట్లోకి వచ్చి అడిగింది.

"గీతలు చూశావా?"

"నిండుగానే ఉన్నాయి. స్పీడ్ టెస్ట్ కూడా చేశా, పర్లేదు. వీడియోలు బానే వస్తున్నాయి. ఆటలోనే మూల ఏదో గుర్తు అప్పుడప్పుడూ వెలుగుతోంది."

వీడియో ముందే కొంత లోపలికి తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో కాసేపు తడబడినా బయటపడదు. ఆటకి ఆ వెసులుబాటు లేదు. ప్రతి కబురూ ఆ క్షణానికి ఆ క్షణం చేరాల్సిందే. ఎంత వేగంగా వచ్చిందన్నది కాదు, ఎంత నిలకడగా వచ్చిందన్నది లెక్క. ఇదంతా అత్తకి వెన్నతో పెట్టిన విద్య. "అది ఆ ఆట వాళ్ళ సర్వర్ సంగతయ్యుంటుందిలే" అని పొయ్యి వైపు తిరిగిపోయింది.

"అంతేనంటావా" అని కోడలు వెళ్ళిపోయింది. ఇంకోసారి అడగలేదు.

అనుకున్నట్టు కానిదేమిటంటే, పిల్ల కన్సోల్‌ని హాల్లోకి తీసుకురాలేదు. కన్సోల్ వెనక గదిలోనే ఉండిపోయింది, పిల్ల మాత్రం హాల్లోకి వచ్చింది. సాయంత్రాలు అత్త పక్కన కాళ్ళు ముడుచుక్కూర్చుని సీరియల్ చూసింది, అందులో విలన్ని కలిసి తిట్టింది, మధ్యమధ్య ఫోను చూసుకుని పక్కన పెట్టేసింది. ఆట ఏమైందే అంటే "చదువుకోవాలి కదత్తా" అంది. అత్తకి లోపల ఏదో గుచ్చుకున్నా పైకి సంతోషంగానే ఉంది. నిజం చెప్పాలంటే చాలా సంతోషంగా ఉంది. అడగకుండానే తన పక్కకి వచ్చి కూర్చున్న మనిషి తలని చూసుకుంటూ, ఇందులో తప్పేముంది, చదువుకి మంచిదేగా అని తనకి తనే సర్ది చెప్పుకుంది.

ఒక సాయంత్రం కోడలు లైబ్రరీకి వెళ్ళినప్పుడు కెప్టెన్ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, మానిటరు తీసుకెళ్దామని వచ్చానండీ అంది. టీవీలోంచి గొంతు విని విని ఎవరో మహా గడుగ్గాయి అనుకుంది అత్త. చూస్తే మాట పెగలని బక్కపల్చటి పిల్ల.

"అదేంటమ్మా, పోటీలు అయిపోయాయా?"

"లేదండీ, వచ్చే నెల. తను జట్టులో లేదు కదా ఇప్పుడు. తనకి మానిటరుతో పనిలేదు, కొత్త గోల్‌కీపరుకి కావాలంట." అత్త మొహం చూసి ఆ పిల్ల తడబడింది. "తను చెప్పలేదా మీకు?"

"నువ్వు చెప్పు."

"ఏముందండీ, ఈ మధ్య తన ఆట బాగా తగ్గిపోయింది. ప్రతి బంతీ ఆలస్యం. మేమందరం నెట్ చూసుకోవే, అది కచ్చితంగా నెట్టే అన్నాం. తను ఒప్పుకోలేదు. మా అత్త ఆసుపత్రి మొత్తానికి నెట్‌వర్క్ చూస్తుంది, తను స్వయంగా పెట్టింది, మా అత్త పెట్టిన నెట్‌లో తప్పుండదు, నా చేతులే మొద్దుబారాయి అంది. మీ మీద మాట పడితే గొడవకొచ్చింది కూడా. ఇక మేమేం చేస్తామండీ?"

అత్తకి ఆ పిల్లని కూర్చోమనాలని కూడా తోచలేదు. ఆసుపత్రిలో ఇన్నేళ్ళలో ఎంతోమంది పెద్ద డాక్టర్లు ఆమె పనిని మెచ్చుకున్నారు. ఒక్కరూ ఇలా మెచ్చుకోలేదు. ఒక్క మెప్పూ ఇలా చెంప ఛెళ్ళుమనిపించలేదు.

"మానిటరు కొన్నాళ్ళు ఉండనీ అమ్మా" అంది చివరికి. "దానికి ఇంకొక్క ప్రాక్టీసు ఇవ్వగలవా? ఈ శనివారం."

కెప్టెన్ సరేనంది.

మర్నాడు అత్త సెలవు పెట్టింది. కోడలు కాలేజీకి వెళ్ళగానే మెష్ డబ్బాని తెచ్చి భోజనాల గదిలో అలమార మీద పెట్టింది. దీపం మళ్ళీ వెలిగించింది, నీలంగా వచ్చింది. వెనక గదిలో లాప్‌టాప్ పెట్టి అదే పనిగా పింగ్ కొట్టి చూసింది, అంటే ఒక చిన్న కబురు పంపి అది ఎంతసేపట్లో తిరిగొస్తుందో లెక్కగట్టడం. మునుపటితో పోలిస్తే చాలా నయం. మామూలు ఇళ్ళకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ ఆ వంటింటి గోడా ఫ్రిజ్జూ ఊరుకోవు, చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు కూడా అదే గాలిలో తోసుకుంటున్నాయి. ఉండుండి ఒక కబురు ఆలస్యంగా వచ్చేది. గోల్‌కీపరుకి ఆ ఒక్కటీ చాలు.

దాంతో బజారుకి వెళ్ళి పవర్‌లైన్ అడాప్టర్ల జత తెచ్చింది. ఇంట్లో కరెంటు వైర్లనే ఇంటర్నెట్ వైర్లుగా వాడుకునే ఉపాయం అది. ఒకటి రూటరు దగ్గర ప్లగ్గులో పెట్టి రూటరుకి కేబుల్ కలపాలి, రెండోది వెనక గది ప్లగ్గులో పెట్టి అక్కణ్ణుంచి కన్సోల్‌కి కేబుల్ ఇవ్వాలి. మధ్యలో గోడలతో పనిలేదు, కరెంటు ఎటు పోతే కబురూ అటే పోతుంది. వెనక గది తరవాత కట్టింది కాబట్టి ముందు మెట్ల దగ్గరున్న కరెంటు బోర్డు తెరిచి చూసింది. దాని స్విచ్చు వేరే అయినా మీటరూ, వీధి నుంచి వచ్చే కరెంటు ఫేజూ హాలువే. ఫేజు వేరైతే ఈ తిప్పలు పడినా ఫలితం అనుమానమే. అక్కడికి గండం గడిచింది.

అయినా మొదట కుంటుతూనే వచ్చింది. చూస్తే వెనక గదిలో అడాప్టరుని తను ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టింది, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే రకం బోర్డు. కరెంటులో కనపడే వింత అలలన్నిటినీ తినేయడమే దాని పని, అందులో ఈ కబుర్ల అలలు కూడా పోతాయి. ఇదే పని ఇంకెవరైనా చేసుంటే గంటసేపు క్లాసు పీకేది. నాలుక కరుచుకుని అడాప్టరుని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టింది. పక్కనే గుచ్చి ఉన్న చవక ఛార్జరు ఆ వైర్లలో రొద పెడుతుంటే దాన్ని పీకి ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి తోసింది. రెండు అడాప్టర్ల మీదా బటన్లు నొక్కి వాటికి వాటి మధ్యే నడిచే తాళం వేసింది, పక్కవాటాల్లో ఇలాంటివే ఉంటే కలవకుండా. స్పీడు అడాప్టర్ల అట్టపెట్టె మీద రాసినదానికి దరిదాపుల్లో కూడా లేదు. ఉండక్కర్లేదు. పింగ్ మాత్రం గీత గీసినట్టు నిలకడగా వచ్చింది.

ఆ తరవాత వంటిల్లు చేరి టీ పెట్టుకుంది. పని అయిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కొత్త పరికరం తెచ్చాను, ఇంకా బాగుంటుంది అంటే చాలు. పిల్ల ఆట బాగుపడుతుంది, జట్టులో చోటు వస్తుంది, మేనత్త పరువూ నిలుస్తుంది. ఈ ఏర్పాటు ఆమెకి ఎంతో ముచ్చటగా తోచింది.

శనివారం కోడలు ప్రాక్టీసుకి కూర్చుంది. ఆడనంటే అత్తే బతిమాలి కూర్చోబెట్టింది. తను వెనకాల మంచం మీద నిశ్శబ్దంగా కూర్చుంది. తెర మూల ఆ గుర్తు వెలగనే లేదు.

మొదటి బంతి వచ్చింది. గోల్‌కీపరు ఎడమకి ఎగిరాడు. బంతి ఇంకా అవతలివాడి కాలి దగ్గరే ఉంది. వాడు తాపీగా చూసుకుని కుడి వైపు తన్నాడు. రెండోదీ అంతే. మూడోసారీ తన్నక ముందే ఎగిరి కింద పడ్డాడు, బంతి అతని మీదుగా వెళ్ళింది.

అత్త ముందు నెట్‌ని అనుమానించింది. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి చూసింది. పింగ్ కదలకుండా ఉంది. అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ ఆలస్యంగా వచ్చే బంతులతో ఆడి ఆడి, ఈ పిల్ల తన చేతులకి ముందే ఎగరడం నేర్పుకుంది. బంతిని చూసి కాదు, ఊహించి ఎగురుతోంది. నెట్ బాగుపడింది. నెట్‌ని నమ్మి పాడైపోయిన చేతులు బాగుపడలేదు.

కోడలు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి నవ్వబోయింది, కుదరలేదు.

"చూశావా అత్తా. నువ్వు కొత్తది తెచ్చిపెట్టినా అంతే. నెట్‌ది కాదు, నాదే. నాకిక రాదు."

ఆ మాటతో అత్త ముచ్చటగా కట్టుకున్నదంతా కూలిపోయింది. నోరు మూసుకుంటే పరువుంటుంది, పిల్ల మాత్రం నాకు రాదు అనే మాటని జీవితాంతం మోస్తుంది.

"నీది కాదే" అంది అత్త. "నాది."

"అబ్బా, మళ్ళీ నన్ను ఓదార్చకు."

"ఓదార్చడం లేదు, విను. ఆ డబ్బాని నీ పక్కన పెట్టకూడదు. మధ్య గదిలో పెట్టాలి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసే ఇక్కడ పెట్టాను."

కోడలికి వెంటనే ఎక్కలేదు. "గీతలు నిండుగా ఉన్నాయన్నావుగా."

"ఉన్నాయి. అవి ఈ గదిలో గీతలు. హాల్లోంచి ఇక్కడిదాకా వచ్చేది అరకొర. అది నీకు కనపడకూడదని దాని దీపం కూడా ఆర్పేశాను. సర్వర్ అన్నది కూడా అబద్ధమే. నీ చేతులు ఆలస్యం కాలేదు, బంతి నీదాకా ఆలస్యంగా వచ్చింది. అందుకే ముందే ఎగరడం అలవాటు చేసుకున్నావు. ఇప్పుడు బంతి టైముకి వస్తోంది. ఆగి, చూసి ఎగురు. నాలుగు రోజుల్లో నీ ఆట నీకొస్తుంది."

"ఎందుకు చేశావు?"

అత్త గోడకేసి చూసింది.

"నువ్వు హాల్లోంచి వెళ్ళిపోతే ఇల్లు ఖాళీ అయిపోతుందని. నువ్వు నా పక్కన లేకపోతే నాకు తోచదని."

కోడలు మానిటరు ఆర్పేసింది. అరిచి ఉంటే బాగుండేది.

"మా కెప్టెన్‌తో నేనేమన్నానో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి కూడా ముందు ఈ వైర్లు పెట్టావు. చెప్పకుండా."

"అవును."

"కాసేపు బయటికెళ్ళు అత్తా."

వెళ్ళింది. తలుపు వేసిన చప్పుడు వినపడింది, గట్టిగా కాదు, మామూలుగానే.

తరవాతి రోజుల్లో ఆ ఇంట్లో మాటలు లెక్కగా నడిచాయి. భోజనానికి రా అంటే వచ్చేది. ఉప్పు అందుకో అంటే అందించేది. తిని కంచం కడిగి వెనక గదిలోకి వెళ్ళిపోయేది. అత్త హాల్లో ఒక్కతే కూర్చునేది, టీవీ పెట్టకుండా. తను దేనికి భయపడి ఇంత చేసిందో అదే ఎదురుగా కూర్చుని ఉంది. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. వెనక గదిలోంచి మొదట్లో విసుగు, ఎవరికో గొణుగుతూ చెప్పే క్షమాపణ, మళ్ళీ విసుగు వినపడేవి. ఒకసారి పెద్ద నవ్వు వినపడింది. అత్త ఆ రోజు కూడా లేచి వెళ్ళలేదు. లాప్‌టాప్‌లో పింగ్ చూసుకుని, నిలకడగా ఉంటే మూసేసేది.

ఒక సాయంత్రం కోడలు తనంతట తనే వచ్చి సోఫా అవతలి చివర కూర్చుంది.

"ఒక్క మాట అడిగుంటే ఉండిపోయేదాన్ని కదత్తా. ఉండవే అని ఒక్కసారి. అంత ఖరీదైన డబ్బాలు తేవడం వచ్చు, దీపాలు ఆర్పడం వచ్చు, అడగడం రాదా?"

"రాదే" అంది అత్త. "ఎప్పుడూ అడగలేదు. ఎవర్నీ. అడిగితే కాదంటారేమోనని."

"అంటే అంటారు. ఏమవుతుంది?"

ఏమవుతుందో అత్తకి తెలియదు. అంతదాకా ఎప్పుడూ రానివ్వలేదు కదా. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళ వయసులో మొదటిసారి, పరీక్ష రాసే పిల్లలా అడిగింది.

"ఆదివారం సాయంత్రం నాతో కూర్చుంటావా?"

కోడలు ఆలోచించింది. అత్త మొహం చూసి జాలిపడి అబద్ధమాడలేదు.

"ఆదివారం కుదరదు. మ్యాచ్ ఉంది, నేనే కీపర్ని" అంది. "శనివారం కూర్చుంటా."